అసైన్‌మెంట్ కోసం నెట్‌లో చూసింది నమ్మొచ్చా? ఒక్క వాక్యాన్ని పుట్టినచోటు దాకా పట్టుకెళ్లే పద్ధతి

"2020 నాటికి ఢిల్లీ, బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ సహా 21 నగరాల్లో భూగర్భ జలాలు అయిపోతాయి."

చెన్నైలో నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో పిల్లలు రాసుకునే పర్యావరణం అసైన్‌మెంట్లలో ఈ వాక్యం ఏటా కనిపిస్తుంది. 2020 వెళ్లిపోయి ఏళ్లు గడిచినా "అయిపోతాయి" అనే రాస్తున్నారు. మొన్న మా అక్క కూతురు కూడా ఇదే రాసుకొచ్చింది. ఎక్కడిదే ఇది అంటే, "ఐదు సైట్లలో చూశాను పిన్నీ, అన్నిట్లో ఇదే ఉంది" అంది. విల్లివాక్కంలో వాళ్లింటి బోరు ఆ పొద్దున కూడా ట్యాంకు నింపింది.

ఐదు సైట్లలో ఉన్నా అబద్ధం కావచ్చా, మరి దేన్ని నమ్మాలి అని చాలామంది అడుగుతున్నారు. అందుకే ఈ ఒక్క వాక్యాన్ని తీసుకుని, మేమిద్దరం ఒక సాయంత్రం కూర్చుని ఏ వరసలో వెతికామో ఆ వరసలోనే రాస్తున్నాను. మీ టాపిక్ వేరైనా వరస ఇదే.

## 1. వెతికే ముందు: కాగితం మీద పది నిమిషాలు

ముందు ఫోన్ పక్కన పెట్టండి. ఒక కాగితం మీద ఈ మూడూ రాసుకోండి.

☐ మీరు సరిచూడాల్సిన విషయం, ఒకే వాక్యంలో.
☐ ఆ వాక్యంలో కొలవదగ్గ మాటలు ఏవి? (మన వాక్యంలో: 21, 2020, భూగర్భ జలాలు, అయిపోవడం.)
☐ ఈ సంగతి ఎవరికైనా నిజంగా తెలియాలంటే వాళ్లు ఏం కొలిచి ఉండాలి?

ఈ మూడో ప్రశ్న దగ్గరే చాలామంది తప్పిపోతారు. భూమి కింద ఎన్ని నీళ్లున్నాయో పత్రికా విలేకరి కొలవడు, వాటర్ ప్యూరిఫయర్ అమ్మే కంపెనీ కొలవదు. బావుల్లో మట్టం చూసేవాళ్లు, వాన ఎంత ఇంకిందో లెక్కగట్టేవాళ్లు చెప్పాలి. మన దేశంలో ఆ పని చేసేది కేంద్ర భూగర్భ జల మండలి, దానితో కలిసి పనిచేసే రాష్ట్ర శాఖలు. కాబట్టి వెతకడం మొదలుపెట్టకముందే మనకు ఒక పేరు దొరికింది. చివరికి చేరాల్సింది అక్కడికే.

మా అక్క కూతురు ఈ మెట్టు వదిలేసి "చెన్నై నీటి కొరత" అని కొట్టింది. నీటి కొరత అంటే కులాయి నీళ్లా, చెరువు నీళ్లా, బోరు నీళ్లా అన్నది తేల్చుకోలేదు. ఆ గందరగోళం తర్వాత ఎంత ముప్పు తెచ్చిందో అయిదో మెట్టులో చెప్తాను.

## 2. నొక్కే ముందు ఫలితాల పేజీని చదవండి

సెర్చ్‌లో పైన వచ్చిందంటే ఆ పేజీ మీ మాటలకు బాగా సరిపోయిందని, దానికి బయటి నుంచి లింకులు ఉన్నాయని, ఇంకా అలాంటి చాలా కారణాలు. అందులోని అంకెను ఎవరో సరిచూశారని మాత్రం కాదు. కాబట్టి మొదటి లింకు మీద వేలు పడకముందు పేజీ మొత్తం ఒకసారి కిందిదాకా జరపండి.

చూడాల్సినవి మూడే. "Sponsored" అని ఉంటే అది ప్రకటన. సైట్ పేరు చూసి, వాళ్లు దేన్ని అమ్ముతున్నారో ఊహించండి. మాకు పైన వచ్చిన పేజీల్లో ప్యూరిఫయర్లు అమ్మేవాళ్లవి, ఇంకుడు గుంతలు తవ్వి ఇచ్చేవాళ్లవి ఉన్నాయి. నీళ్లు అయిపోతాయంటే వాళ్లకు వ్యాపారం. అంతమాత్రాన వాళ్లు అబద్ధం చెప్పారని కాదు, వాళ్లు ఆ అంకెను సరిచూసే అవసరం లేదని. మూడోది, ఫలితం పక్కనున్న మూడు చుక్కలు. వాటిని నొక్కితే ఆ సైట్ గురించి కొంత సమాచారం అక్కడే కనిపిస్తుంది.

పైన పెట్టెలో పెద్దక్షరాలతో జవాబు కనిపిస్తే దాన్ని కాపీ చేయకండి. అది ఏదో ఒక పేజీలోంచి తెంపిన ముక్క. ముందూ వెనకా ఏముందో ఆ పేజీ తెరిచి చూస్తేగానీ తెలియదు. "అని కొందరు అంటున్నారు, కానీ అది నిజం కాదు" అనే వాక్యంలోంచి మొదటి సగమే అక్కడ కనిపించవచ్చు.

## 3. సైట్ లోపల తిరగకండి, బయటికి రండి

పేజీ తెరవగానే చాలామంది చేసే పని, ఆ సైట్ చూడ్డానికి ఎలా ఉందో చూడడం. "మా గురించి" పేజీ చదవడం, లోగో, భాష, అచ్చుతప్పులు గమనించడం. పాతకాలపు చెక్‌లిస్టులు ఇలాగే నేర్పాయి. కానీ తన గురించి తాను చెడ్డగా రాసుకునే సైట్ ఉండదు కదా.

అమెరికాలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒకసారి 10 మంది చరిత్రకారులను, 10 మంది ఫ్యాక్ట్ చెకర్లను, 25 మంది విద్యార్థులను కూర్చోబెట్టి, కొత్త సైట్లు ఇచ్చి ఎలా చదువుతారో చూశారు. చరిత్రకారులు, విద్యార్థులు చాలామంది ఆ సైట్‌లోనే కిందిదాకా చదువుతూ బోల్తా పడ్డారు. ఫ్యాక్ట్ చెకర్లు మాత్రం వెంటనే కొత్త ట్యాబ్ తెరిచి, ఆ సైట్ గురించి బయటివాళ్లు ఏమంటున్నారో వెతికారు. తక్కువ సమయంలో సరైన జవాబుకు వచ్చింది వాళ్లే.

మీరూ అదే చేయండి. సైట్ పేరును కోట్స్‌లో పెట్టి, ఆ సైట్‌ను ఫలితాల్లోంచి తీసేసి వెతకండి. ముందున్న మైనస్ గుర్తు ఆ పనే చేస్తుంది.

```
"సైట్ పేరు" -site:aasite.com
```

దీనికి రెండు మూడు నిమిషాలు చాలు. ఎవరు నడుపుతున్నారు, డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఆ రంగంలో వాళ్లను ఎవరైనా ఉదహరిస్తారా అన్నది తెలిస్తే ముందుకు పోవచ్చు. ఏమీ తెలియకపోతే ఆ సైట్‌ను తిట్టుకోనక్కర్లేదు. దాన్ని దారి చూపించే బోర్డులా వాడుకుని, అది ఎవరి పేరు చెప్పిందో వాళ్ల దగ్గరికి వెళ్లండి.

వికీపీడియా కూడా అంతే. అసైన్‌మెంట్‌లో సోర్స్‌గా వద్దంటారు సరే, కానీ ఆ వాక్యం పక్కనున్న చిన్న అంకె నొక్కితే మూలం దాకా తీసుకెళ్తుంది. అక్కడ అంకె లేకుండా మొండిగా నిలబడ్డ వాక్యం ఉంటే దాన్ని ముట్టుకోకండి.

## 4. ఏటికి ఎదురు నడవండి

అసలు పని ఇదే. సాయంత్రంలో సగం దీనికే పోయింది.

ఒక వాక్యం మీకు కనిపించిన చోట పుట్టి ఉండదు. ఎవరో ఇంకెవరి దగ్గరో తీసుకుని ఉంటారు. "ఇది నీకు ఎవరు చెప్పారు?" అని ప్రతి పేజీనీ అడుగుతూ వెనక్కి పోవాలి. పోయే కొద్దీ ఒక కాగితం మీద మెట్లలా రాసుకోండి: పేజీ, తేదీ, అది ఎవరి పేరు చెప్పింది, వాక్యంలో మాటలు ఏమైనా మారాయా.

మాకు వచ్చిన మెట్లు ఇవి.

మొదటి మెట్టు, ఒక తెలుగు వార్తా పేజీ. అందులో "21 నగరాల్లో నీళ్లుండవు" అని ఉంది. ఎవరు చెప్పారంటే "ఒక నివేదిక ప్రకారం" అని మాత్రమే. ఇలాంటి చోట నివేదిక పేరు లేకపోతే, వాక్యంలోని అరుదైన అంకెను పట్టుకుని ఇంగ్లిష్‌లో వెతకండి. "నీటి కొరత" లక్ష చోట్ల ఉంటుంది, "21 నగరాలు" అన్ని చోట్ల ఉండదు.

```
"21 cities" groundwater 2020 report
```

రెండో మెట్టు, 2019 వేసవిలో వచ్చిన ఇంగ్లిష్ వార్తలు. ఆ జూన్‌లో చెన్నై జలాశయాలు అడుగంటి, లారీ నీళ్ల కోసం బిందెలు వరస కట్టిన రోజులు. దాదాపు ప్రతి వార్త చివరా ఈ 21 నగరాల వాక్యం అతికించి ఉంది. ఇక్కడ పేరు దొరికింది: నీతి ఆయోగ్. తెలుగు పేజీలో "నీళ్లు" అన్నది ఇక్కడ "భూగర్భ జలాలు" అని కూడా తేలింది. ఒక్క అనువాదంలో అర్థం ఎంత ఉబ్బిందో చూడండి.

మూడో మెట్టు, ఆ నివేదికే. 2018 జూన్‌లో వచ్చిన "కాంపోజిట్ వాటర్ మేనేజ్‌మెంట్ ఇండెక్స్". ప్రభుత్వ సైట్లలో ఇలాంటివి పీడీఎఫ్‌గా ఉంటాయి కాబట్టి ఇలా వెతికితే త్వరగా దొరుకుతాయి.

```
site:niti.gov.in filetype:pdf "water management index"
```

ఫైల్ తెరిచి లోపల `groundwater by 2020` అని వెతికాం. వాక్యం ఉంది. మా అక్క కూతురు "దొరికింది పిన్నీ, గవర్నమెంటే చెప్పింది" అని ల్యాప్‌టాప్ మూసేయబోయింది. నూటికి తొంభై మంది ఇక్కడే ఆగిపోతారు.

ఆగకూడదు. వెతికే ముందు కాగితం మీద రాసుకున్న మూడో ప్రశ్న గుర్తు చేసుకోండి: వాళ్లు కొలిచారా? ఈ నివేదిక రాష్ట్రాలు నీటిని ఎలా నిర్వహిస్తున్నాయో మార్కులు వేసే పుస్తకం. భూగర్భ జలాల మీద జోస్యం అందులో పరిచయంలో వచ్చే మాట, వాళ్లు చేసిన లెక్క కాదు. ఆ మాటకు సోర్స్‌గా ఇచ్చినచోట చూస్తే వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, ప్రపంచ బ్యాంకు పేర్లతో పాటు పత్రికల పేర్లు ఉన్నాయి. అంటే పత్రికలు ప్రభుత్వ నివేదికను చూపిస్తున్నాయి, ప్రభుత్వ నివేదిక పత్రికలను చూపిస్తోంది.

నాలుగో మెట్టు కోసం, నివేదిక రాకముందు ఈ మాట ఎక్కడైనా ఉందా అని తేదీ పెట్టి వెతకాలి.

```
"21 cities" groundwater India before:2018-06-01
```

ఈ `before:` అన్నది చాలా పనికొస్తుంది, కానీ పూర్తిగా నమ్మకండి. పాత పేజీని కొత్తగా మారిస్తే తేదీ తారుమారవుతుంది. వచ్చిన ప్రతి పేజీ తెరిచి లోపలి తేదీ చూసుకోవాలి. మాకైతే ఎవరు, ఏ బావులు కొలిచి, ఏ లెక్కతో ఈ అంకె తేల్చారో చెప్పే కాగితం ఒక్కటీ దొరకలేదు. 2019 జూన్ చివర్లో వాషింగ్టన్ పోస్ట్ కూడా ఈ అంకె వెంటపడి, గట్టి మూలం లేదన్న ముక్తాయింపుకే వచ్చింది.

ఐదు సైట్లలో ఉంది కదా అన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు తెలిసింది. ఆ ఐదూ ఒకే పుస్తకంలోని ఒకే వాక్యాన్ని చూసి రాసినవి. సాక్షులు ఐదుగురు కాదు, ఒక్కరే. ఆ ఒక్కరూ ఎవరో చెప్పగా విన్నవారే.

ఈ మెట్టులో ఇరుక్కుపోతే

లింకు చచ్చిపోయి ఉంటే ఆ చిరునామాను `web.archive.org`లో అతికించండి, పాత కాపీ ఉండే అవకాశం ఎక్కువ. పరిశోధనా వ్యాసానికి డబ్బు అడిగితే, వ్యాసం పేరును గూగుల్ స్కాలర్‌లో వెతికి "All versions" నొక్కండి, రచయితలే పెట్టిన ఉచిత కాపీ ఒక్కోసారి దొరుకుతుంది. లేదా మీ లైబ్రరీలో అడగండి. మేం అక్కడ కూర్చునేది అందుకే, ఎవరూ అడగరు గానీ.

## 5. మూలం దొరికాక దాని మాటలకు అర్థం చదవండి

ఇప్పుడు మొదట్లో రాసుకున్న పేరు దగ్గరికి రండి: కేంద్ర భూగర్భ జల మండలి. వీళ్ల "డైనమిక్ గ్రౌండ్ వాటర్ రిసోర్సెస్" నివేదికలు 2017, 2020, 2022, 2023 సంవత్సరాలవి నెట్‌లో ఉన్నాయి.

```
site:cgwb.gov.in "dynamic ground water resources" Tamil Nadu
```

తెరవగానే పట్టికలకు దూకకండి. ముందు నిర్వచనాలు ఉన్న పేజీలు చదవండి. అవి చదవకపోతే సరైన చోటికి వచ్చి కూడా తప్పు రాస్తారు.

ఈ నివేదికలో ప్రతి ప్రాంతానికీ ఒక శాతం ఉంటుంది. ఏటా వాన వల్ల, చెరువుల వల్ల భూమిలోకి ఇంకి, మనం తోడుకోగలిగిన నీరు ఎంత. అందులో ఏటా ఎంత తోడుతున్నాం అన్నదే ఆ శాతం. 70 దాకా సురక్షితం. 70 దాటి 90 దాకా పాక్షిక సంక్లిష్టం, 90 దాటి 100 దాకా సంక్లిష్టం. 100 దాటితే "ఓవర్ ఎక్స్‌ప్లాయిటెడ్", అంటే మితిమీరి తోడిన ప్రాంతం. తమిళనాడులో ఈ లెక్క ఫిర్కాల వారీగా వేస్తారు. ఫిర్కా అంటే మన రెవెన్యూ మండలం కంటే చిన్న ముక్క అనుకోండి.

ఒక ఫిర్కాలో 120 శాతం అని ఉందనుకుందాం. ఏటా ఇంకేది 100 బిందెలైతే, తోడేది 120. ఆ పైనున్న 20 ఎక్కడివి? అంతకుముందు నుంచి అడుగున ఉన్న నిల్వలోంచి. నివేదిక పేరులో "డైనమిక్" అని ఉన్నది ఇందుకే. ఏటా వచ్చిపోయే నీటినే ప్రధానంగా లెక్కిస్తారు, అడుగున ఉన్న పాత నిల్వ దీనిలో కలవదు. కాబట్టి 100 దాటడమంటే ఆ ఏడాదితో బావి ఎండిపోవడం కాదు. మట్టం ఏటా కిందికి జారుతుంది, బోరు ఇంకా లోతుకు వెయ్యాలి, సముద్రం పక్కనైతే ఉప్పునీరు లోపలికి వస్తుంది. చెన్నైకి ఉత్తరాన మీంజూరు వైపు జరిగింది అదే.

"100 శాతం వాడేస్తున్నారు" అనే మాట ఎవరి చేతిలోనైనా "అయిపోతుంది" అని మారడం ఎంత సులువో ఇప్పుడు ఊహించవచ్చు. 21 నగరాల వాక్యం ఇలాగే పుట్టిందని నేను రుజువు చేయలేను, కానీ నిర్వచనం చదవకుండా పట్టిక చూసినవాళ్లు ఈ తప్పు రాయడం ఏటా చూస్తున్నాను.

రెండు నీళ్లు కలిపేయడం

మా అక్క కూతురు ఊరుకోలేదు. "మరి 2019లో చెన్నైలో డే జీరో వచ్చింది కదా, జోస్యం నిజమైనట్టేగా?" అంది. డే జీరో అంటే కులాయిల్లో నీళ్లు ఆగిపోయే రోజు. మంచి ప్రశ్న. కానీ ఆ ఏడాది అడుగంటినవి పూండి, చోళవరం, రెడ్‌హిల్స్, చెంబరంబాక్కం జలాశయాలు. అవి పైనున్న నీళ్లు. జోస్యం చెప్పింది భూమి కింది నీళ్ల గురించి. బోర్లు కూడా ఆ వేసవిలో చాలాచోట్ల ఎండాయి, అది వేరే పట్టిక చూసి రాయాల్సిన సంగతి. ఒకదానికి రుజువు అడిగితే రెండోదాన్ని చూపిస్తే చెల్లదు.

యూనిట్ తప్పులు

తన నోట్సులో ఇంకొక వాక్యం ఉంది: "ఈ నాలుగు జలాశయాల మొత్తం సామర్థ్యం 11,257 మిలియన్ లీటర్లు." అంకె సరైనదే, యూనిట్ తప్పు. అది మిలియన్ ఘనపుటడుగులు. చెన్నైకి నీళ్లిచ్చే మెట్రో వాటర్ వాళ్లు జలాశయాల మట్టం పెట్టే పేజీలో `mcft` అని ఉంటుంది.

ఇలాంటి తప్పును మూలం తెరవకుండానే పట్టుకోవచ్చు. లెక్క సులువు కోసం ఊరికి రోజుకు 1,000 మిలియన్ లీటర్లు కావాలనుకోండి. 11,257 మిలియన్ లీటర్లయితే నిండు జలాశయాలు పదకొండు రోజులకే ఖాళీ. అలాగైతే ఏ ఊరూ నడవదు. ఒక ఘనపుటడుగు అంటే సుమారు 28.3 లీటర్లు, కాబట్టి అసలు సామర్థ్యం మూడు లక్షల పద్దెనిమిది వేల మిలియన్ లీటర్లకు పైనే. పది నెలల నీళ్లు. ఇది నమ్మేలా ఉంది. ఏ పెద్ద అంకె కనిపించినా దాన్ని రోజుకో, మనిషికో పంచి చూడండి. సగం తప్పులు అక్కడే బయటపడతాయి.

రావాల్సినవి, వచ్చినవి

మనవాళ్లు ఇష్టంగా రాసే ఇంకో వాక్యం: "తెలుగు గంగ ద్వారా ఆంధ్ర నుంచి చెన్నైకి ఏటా 12 టీఎంసీల కృష్ణా నీళ్లు వస్తాయి." 1983 నాటి ఒప్పందంలో సరిహద్దు దగ్గర అప్పగించాల్సినది 12 టీఎంసీలు. నిజంగా కండలేరు నుంచి పూండికి వచ్చి చేరినది చాలా ఏళ్లు అంతకంటే తక్కువే. ఒప్పందం, పథకం, బడ్జెట్ కాగితాల్లో ఉండేది "రావాల్సినది". దాన్ని "వచ్చింది" అని రాయాలంటే వచ్చిన నీళ్లు కొలిచిన కాగితం కావాలి. పాత కాలేజీ ప్రాజెక్టుల్లో ఈ తప్పు ఎంత ఉందంటే, ఒకరి నుంచి ఒకరు కాపీ కొడుతున్నారని దాన్ని బట్టే తెలిసిపోతుంది.

## 6. తరచూ చేసే తప్పులు, దిద్దుబాట్లు

`gov.in` ఉంటే చాలనుకోవడం. ప్రభుత్వ సైట్ అంటే ఆ కాగితం అసలైనదని అర్థం, అందులోని ప్రతి మాటా ప్రభుత్వం కొలిచిందని కాదు. నీతి ఆయోగ్ వాక్యం దీనికి పెద్ద ఉదాహరణ. ఆ అంకె వాళ్ల సొంత లెక్కా, ఎరువు తెచ్చుకున్నదా అని చూడండి.

పైన కనిపించే తేదీని నమ్మడం. "అప్‌డేటెడ్" అని నిన్నటి తేదీ ఉన్నా, లోపలి అంకె 2011 జనాభా లెక్కలది కావచ్చు. పేజీ తేదీ, కొలిచిన ఏడాది, రెండూ విడిగా రాసుకోండి. మీ అసైన్‌మెంట్‌లోకి వెళ్లాల్సింది కొలిచిన ఏడాది.

నచ్చిన జవాబు దొరికేదాకా వెతకడం. "చెన్నైలో నీళ్లు ఎందుకు అయిపోతున్నాయి" అని అడిగితే అయిపోతున్నాయన్న పేజీలే వస్తాయి. ఒకసారి తిప్పి, "చెన్నై భూగర్భ జల మట్టం పెరుగుదల" అని కూడా వెతకండి. రెండు వైపుల నుంచీ వెతికినా చివరికి కొలిచినవాళ్ల కాగితం దగ్గరికే చేరితే నిశ్చింతగా ఉండొచ్చు.

మూలం చూడకుండా మూలం పేరు వెయ్యడం. వార్తలో చదివి, కింద నీతి ఆయోగ్ అని రాయకండి. తెరవలేకపోయినవాటికి "ఫలానా పత్రికలో ఉదహరించినట్టుగా" అని రాయండి. వైవాలో పేజీ నంబరు అడిగితే టెన్షన్ ఉండదు.

## 7. అసైన్‌మెంట్‌లో ఎలా రాయాలి

ఇంత వెతికి చివరికి ఆ వాక్యాన్ని కొట్టేయాలా అని మా పిల్ల దిగులు పడింది. కొట్టేయనక్కర్లేదు. తేలినది ఎంతో అంతే రాస్తే అది ఇంకా మంచి పేరా అవుతుంది. తను చివరికి రాసింది ఇది:

"చెన్నై సహా 21 నగరాల్లో 2020 నాటికి భూగర్భ జలాలు అయిపోతాయని నీతి ఆయోగ్ 2018 నివేదిక పేర్కొంది. ఆ అంకెకు ఆధారమైన లెక్క నివేదికలో లేదు. భూగర్భ జల మండలి వర్గీకరణలో 100 శాతం దాటడమంటే ఏటా ఇంకే నీటికంటే ఎక్కువ తోడడం, నిల్వ మొత్తం అయిపోవడం కాదు. 2019లో చెన్నై ఎదుర్కొన్న సంక్షోభంలో ప్రధానంగా అడుగంటినవి జలాశయాలు."

ఇందులో "పేర్కొంది", "లెక్క నివేదికలో లేదు", "ప్రధానంగా" అన్న మాటలు గమనించండి. ఒక్కొక్కటీ తను ఎంతవరకు చూసిందో అంతవరకే చెప్తుంది.

ఇచ్చేముందు ప్రతి అంకె పక్కనా ఇవి టిక్ పెట్టుకోండి:

☐ కొలిచిందెవరో తెలుసు.
☐ ఆ కాగితాన్ని నేను తెరిచాను, పేజీ నంబరు రాసుకున్నాను.
☐ కొలిచిన ఏడాది, యూనిట్ సరిచూశాను.
☐ మాటకు వాళ్లిచ్చిన నిర్వచనం చదివాను.
☐ పీడీఎఫ్ దింపుకున్నాను, లేదా పేజీని ఆర్కైవ్‌లో దాచి, చూసిన తేదీ రాసుకున్నాను.

## 8. రేపే సబ్మిషన్ అయితే

ప్రతి వాక్యానికీ ఇంత చేయలేరు, అక్కర్లేదు కూడా. పూండి జలాశయం తిరువళ్లూరు జిల్లాలో ఉందన్నదాన్ని ఏటికి ఎదురు నడిచి తేల్చాల్సిన పని లేదు. పెన్సిల్ తీసుకుని మీ అసైన్‌మెంట్ చదవండి. ఏ వాక్యం తప్పైతే మీ వాదన మొత్తం కూలిపోతుందో దాని కింద గీత గీయండి. పది పేజీల్లో అలాంటివి మూడో నాలుగో ఉంటాయి. మిగతావాటికి పైన 3వ భాగంలో చెప్పినది చాలు, గీత గీసినవాటికి 4, 5 భాగాల్లోవి చేయండి. ఒక్కోదానికి అరగంట పెట్టుకోండి. అరగంటలో మూలం దొరక్కపోతే ఆ అంకె తీసేసి, అది లేకుండా వాక్యం నిలబడుతుందేమో చూడండి. నిలబడకపోతే ఆ పేరా తీసేయండి.